డాలరు కొన్న చేను, గుత్త కట్టే రైతు



పదో తరగతి సాంఘిక శాస్త్రంలో వలసల మీద ఒక పాఠం ఉండేది. పరీక్షల కాలం వచ్చిందంటే చాలు, "వలసల వల్ల కలిగే ఆర్థిక, సాంస్కృతిక ప్రభావాలను వివరించండి" అనే ప్రశ్న మన ఊళ్లలో ఇంటింటా వినబడేది. గైడులో జవాబు సిద్ధంగానే ఉండేది. విదేశీ మారకద్రవ్యం వస్తుంది. కుటుంబాల జీవన ప్రమాణం పెరుగుతుంది. పొదుపు, పెట్టుబడి పెరుగుతాయి. సంస్కృతులు కలుస్తాయి. పిల్లలు బట్టీ పట్టి రాసేవాళ్లు, మార్కులు పడేవి.

ఇదే ప్రశ్నకు దొర్నిపాడు మండలం రైతులం మేమూ ఒక జవాబు రాయదలచుకున్నాం. దీనికి మార్కులు పడతాయో లేదో మాకు తెలియదు. గైడు రాసినాయన "పెట్టుబడి పెరుగును" అని ఒక్క ముక్క రాసి వదిలేశాడే, ఆ పెట్టుబడి ఎక్కడికి పోతోందో మేము రోజూ పొద్దున చేనికి పోయేటప్పుడు చూస్తున్నాం. అది సేద్యంలోకి రావడం లేదు, భూమిలోకి వస్తోంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఒక్క పైరు కాలం గుత్తకు చేసి చూడాలి.

మొదటే ఒక మాట తేల్చి చెబుతున్నాం. పోయిన పిల్లల మీద మాకు కోపం లేదు. వాళ్లు మన బిడ్డలే. కేసీ కాలువకు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక, పప్పుశనగ ధర ఏ రోజు ఎంత పలుకుతుందో తెలియక, "ఈ సేద్యం నీకొద్దురా" అని మనమే చెప్పి పంపినాం. మా తగాదా వాళ్లతో కాదు. వాళ్లు పంపిన డబ్బు ఊళ్లోకి వచ్చి ఏ దారిన నడుస్తోందో చూసి కూడా చూడనట్టుండే చట్టాలతోనూ, దాన్నే అభివృద్ధి అని పాఠం చెప్పేవాళ్లతోనూ మా తగాదా.

మన వైపు నుంచి దేశం దాటి పోయేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి కువైట్ దారి. కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇది పెద్ద దారి, మన వైపు చిన్నది. ఇంటి పనికి ఆడవాళ్లు, డ్రైవరు పనికి, కూలి పనికి మగవాళ్లు పోతారు. రెండోది అమెరికా దారి. చదువు పేరుతో పోయి కంప్యూటరు ఉద్యోగాల్లో చేరేవాళ్లది. పుస్తకం ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి "ప్రవాసుల పంపకాలు" అంటుంది. ఊళ్లో ఉండి చూసేవాళ్లకు అవి రెండు వేరువేరు డబ్బులు.

కువైట్ డబ్బు సంగతి ముందు చెప్పుకుందాం. ఇంటి పనికి పోయిన ఆడమనిషికి నెలకు నూరు దినార్లు వస్తాయనుకుంటే, మన లెక్కలో 28 వేల రూపాయలకు పైనే. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ డబ్బు రాకముందే ఇంట్లోంచి డబ్బు పోయి ఉంటుంది. 1983 వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల రుసుం 30 వేలు, దానిపైన జీఎస్టీ, అంతే. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషిని ఇంటి పనికి అక్కడికి పంపకూడదని కూడా నిబంధన ఉంది. ఈ నిబంధనలు పాటించే ఏజెంటు దగ్గరికి ఎవరూ పోరు, ఎందుకంటే అతను మన ఊరికి రాడు. మన ఊరికి వచ్చేవాడు లైసెన్సు లేని సబ్ ఏజెంటు. లక్ష అడుగుతాడు, లక్షన్నర అడుగుతాడు, విజిట్ వీసా చేతిలో పెట్టి ముందు దుబాయి ఎక్కిస్తాడు. ఆ లక్షన్నరకు ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరా తాకట్టు పోతుంది, లేదంటే నూటికి రెండు వడ్డీకి అప్పు తెస్తారు. మొదటి ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ అప్పుకే జమ. తర్వాత ఇంటి పైకప్పు, కూతురి పెండ్లి, మెడలో రెండు తులాలు. అక్కడితో ఆమె ఒంట్లో సత్తువ అయిపోతుంది, తిరిగొస్తుంది. ఈ డబ్బుతో భూమి కొన్న ఇల్లు మా ఎరికలో అరుదు. తాకట్టు పెట్టిన ఎకరాను విడిపించుకుంటే అదే గొప్ప.

భూమి కొనేది రెండో డబ్బు. దేశం మొత్తం మీద కూడా గాలి అటే మళ్లింది. 2016-17లో రిజర్వు బ్యాంకు లెక్క తీసినప్పుడు దేశానికి బయటి నుంచి వచ్చే పంపకాల్లో సగానికి పైగా గల్ఫ్ దేశాలవే. 2023-24 లెక్కకు వచ్చేసరికి అమెరికా ఒక్కటే దాదాపు 28 శాతంతో మొదటి స్థానంలో కూర్చుంది. దేశం లెక్క ఇట్లుంటే, మన మండలంలో అది గట్ల మీద కనిపిస్తోంది. చేని చుట్టూ రాతి కూసాలు పాతి, ముళ్లతీగ లాగి, ఇనుప గేటు పెట్టి ఉంటే, లోపల పైరు వేసినాయన ఒకరు, గేటు తాళంచెవి ఉన్నాయన ఇంకొకరు అని తెలుసుకోండి.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు. విదేశాల్లో స్థిరపడిన భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు. ఇల్లు కొనొచ్చు, ప్లాటు కొనొచ్చు. చేను కొనకూడదు, తోట కొనకూడదు, ఫామ్ హౌస్ కొనకూడదు. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అందరూ ఫెమా అంటారే, దాని కింద 2019లో వచ్చిన నిబంధనల్లోనూ ఈ మాట స్పష్టంగా ఉంది. దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదైతే అదీ ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే ఇక్కడ నివాసముండే భారతీయుడికే అమ్మాలి.

మరి ఈ గేట్లు ఎట్లా వెలిసినాయి? చాలా సులువు. కొడుకు తండ్రికి డబ్బు పంపుతాడు. కన్నతండ్రికి డబ్బు పంపడం తప్పు కాదు. తండ్రి ఆ డబ్బుతో చేను కొంటాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, రైతు, ఆయన కొనడం తప్పు కాదు. తండ్రి తర్వాత అది కొడుక్కు వారసత్వంగా పోతుంది. వారసత్వాన్ని చట్టమే ఒప్పుకుంది. మూడు ఒప్పులు వరసగా పేర్చితే చివరికి చట్టం కూడదన్న పనే జరిగిపోతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరినీ తప్పు పట్టే పని లేదు, స్టాంపులన్నీ సక్రమంగానే ఉంటాయి. వ్యవసాయ భూమి సేద్యం చేయని దూరపు డబ్బు చేతికి పోకూడదని చేసిన నిబంధన, ఒక ముసలి తండ్రి వేలిముద్ర దగ్గర అయిపోతోంది.

దాంట్లో మీకేం నష్టం, అమ్ముకున్న రైతుకు మంచి ధర వచ్చింది కదా అని అడిగేవాళ్లున్నారు. వచ్చింది, కాదనం. అప్పుల్లో మునిగినవాడు ఒడ్డున పడ్డాడు కూడా. ఆ చేను ఆ తర్వాత ఎవరు చేస్తున్నారు, ఏ లెక్కన చేస్తున్నారు అన్నది మా ప్రశ్న. అందుకు మన మండలంలో గుత్తకు పప్పుశనగ వేసిన ఒక రైతు లెక్క ఇక్కడ పెడుతున్నాం. కూచుని మాట్లాడుకుంటూ ఆయన చేతే రాయించుకున్నాం. ఒక్క ఎకరా లెక్క చెబుతాం, ఆయన చేసింది ఎనిమిది ఎకరాలు.

నల్లరేగడి చేను, గుత్త ఎకరాకు 15 వేలు. విత్తనం వేయకముందే రొక్కంగా కట్టాలి. ఒకప్పుడు మన వైపు కోరుకు ఇచ్చేవాళ్లు. పండితే చెరిసగం, ఎండితే ఇద్దరికీ లేదు. ఇప్పుడు యజమాని ఊళ్లో లేడు, కల్లం దగ్గర నిలబడి సగం కొలిపించుకునే తీరిక లేదు, అందుకే ముందస్తు రొక్కం. ఎండినా ఆయన 15 వేలు ఆయనకు ముట్టినట్టే. వాన రాని నష్టం, వాన ఎక్కువైన నష్టం మొత్తం గుత్త రైతు నెత్తినే పడింది. కోరు పోయి రొక్కం గుత్త రావడానికి ఎన్నో కారణాలుండొచ్చు గాని, చేని యజమాని వేల మైళ్ల దూరంలో ఉండడం అందులో పెద్ద కారణం.

ఇక ఖర్చులు. విత్తనాలు 4,000. దుక్కి, గొర్రు, విత్తే కూలి కలిపి 4,000. డీఏపీ ఒక మూట 1,350. కలుపు కూళ్లు 2,500. పచ్చపురుగుకు మూడు విడతల మందు, కొట్టే కూలితో కలిపి 3,600. కోత, నూర్పిడి 2,500. గోతాలు, బాడుగ 1,000. మొత్తం 18,950. గుత్తతో కలిపితే 33,950. మంచు బాగా పడి, నవంబరులో తుపాను రాకుండా పోయింది కాబట్టి ఏడు క్వింటాళ్లు పండింది. ఆ సీజనులో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 5,650. ఆయన అమ్మింది వ్యాపారికి, 5,400కు. వచ్చింది 37,800. మిగిలింది 3,850. పెట్టుబడిలో 25 వేలు నూటికి రెండు వడ్డీకి తెచ్చినాడు. ఎనిమిది నెలలకు వడ్డీ 4,000. అంటే పండిన ఏడాదిలోనే ఎకరాకు నూటయాభై రూపాయల నష్టం. ఆయన, ఆయన భార్య చేసిన కష్టానికి కూలి ఇందులో కట్టలేదు.

ఇదే చేను, ఇదే పంట, సొంత భూమి రైతు చేస్తే ఏమవుతుంది? గుత్త లేదు. 18,950 పెట్టుబడికి బ్యాంకు పంట రుణం ఏడు శాతానికి దొరుకుతుంది, ఎనిమిది నెలలకు వడ్డీ 900 లోపే. ఈ-క్రాపులో తన పేరే ఉంది కాబట్టి కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు అమ్ముకుంటాడు. 39,550 వస్తుంది. అన్నీ పోను చేతిలో 19,700 దాకా మిగులుతుంది. ఒకే గట్టుకు ఇటూ అటూ ఉన్న ఇద్దరు రైతుల మధ్య ఎకరాకు దాదాపు 20 వేల తేడా. వాన ఒకటే, పురుగు ఒకటే, తేడా తెచ్చింది కాగితం.

ఆ కాగితం సంగతి విప్పి చెప్పాలి. గుత్త రైతు 5,650 ఉండగా 5,400కు ఎందుకు అమ్మినాడు? ఈ-క్రాపులో పంట యజమాని పేరున ఎక్కింది. కేంద్రానికి తీసుకుపోతే డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. యజమాని తండ్రి మంచివాడే కావచ్చు, బ్యాంకు నుంచి తీసి ఇస్తాడు కూడా. మరి ఆయనకు కాలు సరిగ్గా లేదు, ఆ ఖాతా ఫోన్ హైదరాబాదులో కూతురి దగ్గర ఉంది. వారాలు తిరగడం కంటే వ్యాపారికి ఇచ్చి అప్పు తీర్చుకోవడం మేలనుకున్నాడు. బ్యాంకు అప్పు ఎందుకు దొరకలేదు? కౌలు కార్డు లేదు. అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి కుటుంబానికి 20 వేలు ఎవరికి వచ్చింది? భూమి ఎవరి పేరున ఉందో ఆ ఇంటికి. తుపాను వచ్చి చేను కుళ్లిపోయుంటే పరిహారం ఎవరికి వచ్చేది? అదీ అక్కడికే.

కౌలు కార్డుకు చట్టం ఉంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం. పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. దానితో పంట రుణం, బీమా, పరిహారం సాగు చేసినవాడికే రావాలి. భూమి మీద యజమాని హక్కుకు దీనివల్ల ఏ ఢోకా లేదని చట్టంలోనే రాసినారు. చట్టం బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. యజమాని సంతకం కావాలి.

ఊళ్లో ఉన్న యజమాని చేతే సంతకం పెట్టించడం కష్టం. అమెరికాలో ఉన్న యజమాని చేత ఎట్లా పెట్టిస్తాం? అక్కడొక చిక్కు ముడి ఉంది. పట్టా తండ్రి పేరున ఉంటే ఆయన "మావాణ్ని అడగాల" అంటాడు. కొడుకును అడిగితే, "మనకెందుకు నాయనా ఆ కాగితాలు, రేపు ఏదైనా లిటిగేషన్ వస్తే నేను కోర్టుల చుట్టూ తిరగలేను" అంటాడు. ఆ పిల్లవాడి భయం మాకు అర్థమవుతుంది. దూరాన ఉన్నవాడికి భూమి విషయంలో ప్రతిదీ భయమే. పట్టా చనిపోయిన తాత పేరుమీదే ఉండి, ముగ్గురు వారసులు మూడు దేశాల్లో ఉంటే ఇక అడగనే వద్దు. ఫలితం మాత్రం ఒకటే. దూరం పెరిగిన కొద్దీ గుత్త ఎక్కువవుతుంది, సంతకం తక్కువవుతుంది.

పాత 1956 కౌలు చట్టంలో కౌలు కనీసం ఆరేళ్లకు ఇవ్వాలని, కౌలు ఇంతకు మించరాదని ఉండేది. అమలు చేసిన నాథుడు లేడు, అది వేరే మాట. కాగితం మీదైనా ఉండేది. ఇప్పుడు పదకొండు నెలలు. పదకొండు నెలల్లో ఎవడైనా చేనికి ఎరువు తోలుతాడా, గట్టు వేస్తాడా, చెరువు మట్టి కొడతాడా? వచ్చే ఏడాది తనదో కాదో తెలియనివాడు ఈ ఏడాది పిండుకోవడమే చూస్తాడు. నల్లరేగడి చేలు పాడవుతున్నాయని వ్యవసాయ అధికారులు మీటింగుల్లో మనకు చెబుతారు. కారణం మన సోమరితనమన్నట్టు చెబుతారు. కారణం ఈ పదకొండు నెలల్లో ఉంది.

భూమి ధర సంగతి చూడండి. ఎకరా 15 లక్షలనుకుందాం. మంచి చేలు అంతకంటే ఎక్కువే పలుకుతున్నాయి. డాలరు 88 రూపాయల లెక్కన అది 17 వేల డాలర్లు. అక్కడ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఏడాది రెండేళ్ల పొదుపు. దానిమీద వచ్చే గుత్త 15 వేలు, అంటే నూటికి ఒక్క రూపాయి, అదీ ఏడాదికి. బ్యాంకులో వేసుకున్నా ఆరు రూపాయలు వస్తుంది. ఒక్క రూపాయి కోసం చేను ఎందుకు కొంటున్నారు? పంట కోసం కాదు. ధర పెరుగుతుందని కొంటున్నారు. చేను వాళ్లకు బీరువా. బీరువాలో పెట్టినదానికి ఎరువు తోలాల్సిన పనేముంది?

అదే చేను కొనాలని మన గుత్త రైతు అనుకున్నాడనుకోండి. వడ్డీ లేకుండా ఆయనకు మిగిలేది ఎకరాకు 3,850. ఎకరా పంటతో ఎకరా కొనాలంటే దాదాపు నాలుగు వందల ఏళ్లు పడుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలం తర్వాత కొన్నాళ్లకు మొదలుపెట్టి ఉంటే ఈపాటికి కొని ఉండేవాడు. పాతికేళ్ల కింద మన ఊళ్లలో జీతగాడుగా మొదలై, పదేళ్లు కోరుకు చేసి, రెండెకరాలు కొనుక్కుని రైతైనవాళ్లు ఉన్నారు. మన సంఘంలోనే ఉన్నారు. ఆ మెట్టు ఇప్పుడు విరిగిపోయింది. సేద్యం చేసి భూమి కొనడం అనేది అయిపోయింది. భూమి ధరకూ పంట ధరకూ సంబంధం తెగింది. "జీవన ప్రమాణం పెరుగును" అన్న జవాబు కింద ఈ ముక్క కూడా రాయాలి.

అమెరికా దారిలోనూ ముందు పోయేది మన డబ్బే, ఆ మాట మరవకూడదు. ఎం.ఎస్. చదువుకు ముప్పై, నలభై లక్షలు. దానికి రెండెకరాలు అమ్మిన తండ్రులున్నారు. కొన్నది అంతకుముందు పోయిన ఇంకొకరి తండ్రి. అంటే పోయినవాడి డబ్బుతో పోబోయేవాడి చేను కొంటున్నారు. పోయినవాడికి ఉద్యోగం నిలిస్తే సరి. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ఉత్తర్వు ఇచ్చినాడు. మన ఊళ్లో చేను అమ్మి పిల్లవాణ్ని పంపిన ఇళ్లలో ఆ వారం ఎట్లా గడిచిందో పాఠం రాసేవాళ్లు వచ్చి చూడలేదు. చేను తిరిగి రాదు, ఉద్యోగం దొరుకుతుందో లేదో తెలియదు, విద్యా రుణం వడ్డీ ఆగదు.

సాంస్కృతిక ప్రభావాలు కూడా అడిగినారు కదా, అవీ చెబుదాం. 1977లో తానా పుట్టింది. తర్వాత ఆటా, నాట్స్ వచ్చినాయి. సిలికానాంధ్ర వాళ్లు మనబడి పెట్టి అక్కడి పిల్లలకు శని, ఆదివారాల్లో తెలుగు నేర్పుతున్నారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాం. అంతకు ముందెప్పుడో, 1830ల నుంచి, చెరకు తోటల కూలికి మారిషస్ పోయినవాళ్లు చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయి, తిరిగి రాలేక, అయినా తెలుగు పేరు నిలుపుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగినాయి. వాళ్లు ఇక్కడికి చేను కొనే డబ్బు పంపలేదు, పంపే స్థితీ లేదు. ఇప్పటి ప్రవాసానికీ దానికీ తేడా ఇక్కడే. అప్పుడు మనిషి పోయినాడు, భూమి మీది పట్టు వదిలిపోయినాడు. ఇప్పుడు మనిషి పోయినా పట్టు పోలేదు, దూరం నుంచి ఇంకా బిగిసింది.

ఊళ్లో కనిపించే సంస్కృతి వేరే ఉంది. గుడికి గోపురం లేచింది, చందా పలకల మీద పేర్ల పక్కన ఊరి పేర్లు అన్నీ అమెరికావి. తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలకు మొదటి బహుమతి ఇచ్చేది ప్రవాసులే. ఎడ్లు మేపేవాళ్లు మాత్రం తగ్గిపోయినారు. అక్కడ మన పిల్లలు శనివారం 'అ ఆ'లు దిద్దుతుంటే ఇక్కడ మన పిల్లలు సోమవారం నుంచి శనివారం దాకా ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు. పెద్దాయన పోతే కొడుకు వచ్చేదాకా మూడు రోజులు ఫ్రీజర్ పెట్టెలో ఉంచడం మామూలైంది. దింపుడు కళ్లం దగ్గర పిలవడానికి తమ్ముడి కొడుకు, అదీ లేకపోతే గుత్త రైతు. చేను చేసేది ఆయనే, ముసలివాళ్లకు ఆస్పత్రికి తోడు పోయేదీ ఆయనే. సంతకం మాత్రం ఆయనకు దక్కదు.

అన్నిటికంటే లోతుగా పోయింది పెండ్లి సంగతి. సేద్యం చేసే పిల్లవాడికి పిల్లను ఇవ్వడం లేదు. పదెకరాల సొంత భూమి ఉన్నా ఇవ్వడం లేదు. హైదరాబాదులో పదిహేను వేల జీతగానికి ఇస్తారు, అమెరికా సంబంధమైతే ఎగిరి గంతేస్తారు. ఆడపిల్లలను తప్పుపట్టే పని లేదు. వాళ్ల అమ్మలు చేలల్లో ఎంత అరిగిపోయినారో వాళ్లు చూసినారు. కానీ ముప్పై అయిదేళ్లు వచ్చినా పెండ్లికాని రైతు కుర్రాళ్లు మన ప్రతి ఊళ్లో ఇప్పుడు లెక్కపెట్టగలిగినంత మంది ఉన్నారు. సేద్యం చేయడం తక్కువ, పోవడం ఎక్కువ అన్న కొలత ఊరి లోపలికి వచ్చేసింది. వలస పోనివాడు కూడా దాని కింద నలుగుతున్నాడు. "సంస్కృతులు కలుస్తాయి" అన్న మాటకు మా మండలంలో అర్థం ఇది.

ప్రభుత్వం ఏం చేస్తోంది? ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్టీ అనే సంస్థ ఉంది. పెట్టుబడులు పెట్టండి, పుట్టిన ఊరికి చేయూత ఇవ్వండి అని పిలుస్తుంది. కేరళ వాళ్లు 1996లోనే ప్రవాసుల కోసం శాఖ పెట్టుకున్నారు, 1998 నుంచి కొన్నేళ్లకొకసారి వలసల సర్వే చేయించి పోయిందెవరు, పంపిందెంత, ఖర్చైంది దేనికి అని ఇళ్లకు పోయి అడుగుతున్నారు. మన దగ్గర అటువంటి లెక్క లేదు. లెక్క లేకపోతే ఊరికి వచ్చిన డాలరు ఎన్ని ఎకరాలు కొన్నదో, ఎంతమందిని గుత్తదారులను చేసిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేము అడిగేవి మూడే. మొదటిది, యజమాని సంతకం లేకుండా కౌలు కార్డు ఇవ్వాలి. చేను ఎవరు చేస్తున్నారో గట్టు పక్క రైతుకు తెలుసు, గ్రామ సభకు తెలుసు. నలుగురు గట్టు రైతుల సాక్ష్యం, వీఆర్వో విచారణ చాలు. భూమి హక్కుకు దీనితో సంబంధం లేదని కార్డు మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి, అమెరికాలో ఉన్న పిల్లవాడికీ భయం తీరుతుంది. రెండోది, ఈ-క్రాపు చేసేటప్పుడు చేలో నిలబడి, పైరు వేసినవాడి పేరే ఎక్కించాలి. మద్దతు ధర డబ్బు, నష్టపరిహారం ఆ పేరుకే పోవాలి. మూడోది, కౌలు గడువు కనీసం మూడేళ్లు చేయాలి.

చేను అమ్మొద్దనో, పిల్లలను పంపొద్దనో మేము చెప్పడం లేదు. తండ్రులతో కూడా ఒక మాట. మీరు గుత్తకు ఇచ్చిన రైతుకు సంతకం పెడితే మీ భూమిలో సెంటు కూడా తగ్గదు. మీ అబ్బాయితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఆ చట్టం సంగతి చెప్పండి. మీ నోట రాకపోతే మమ్మల్ని పిలవండి, మేమే చెబుతాం.

గుత్త రైతులు చేయవలసిన పని ఒకటుంది. మీరు చేస్తున్న చేని సర్వే నంబరు అడంగల్ తీయించుకోండి. అందులో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉంటాయి. రెండు గళ్లలోనూ ఒకే పేరు ఉందా లేదా చూడండి. మీరు చేస్తున్న చేనికి మీ పేరు అనుభవదారు గడిలో లేకపోతే ఆ నకలు మీద మీ పేరు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎంత గుత్త కడుతున్నారు అన్నది వెనక రాసి సంఘానికి ఇవ్వండి. పప్పుశనగ విత్తనాలు పడకముందే, రబీ ఈ-క్రాపు మొదలయ్యేలోగా ఆ కట్ట మొత్తం తీసుకుని రైతు సేవా కేంద్రానికి, అక్కడి నుంచి తహసీల్దారు ఆఫీసుకు అందరం కలిసి పోతాం.